పనస తలుపు, వంకర మేకు, సుత్తి కింద చెక్క ముక్క: నాలుగేళ్లు వాడాక

మేకు లాగేటప్పుడు సుత్తి తల కింద చెక్క ముక్క పెట్టాలని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ ముక్క పెడితే చాలు, పలకకు మచ్చ పడదని నాలుగేళ్ల క్రితం వరకూ ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కానీ ఆ ముక్క మీద ఇష్టం మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అదెలాగో రాస్తాను.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మా నాన్నగారు దాన్ని కట్టెలకు అమ్మనివ్వలేదు. మొద్దు కోయించి, పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి, రెండేళ్లకు పైగా నీడన ఆరబెట్టించారు. 2021 వేసవిలో దానితో వీధి తలుపు చేయించాం. పాలిష్ పెట్టించలేదు, అవిసె నూనె మాత్రం పట్టించాం. కోసినప్పుడు పసుపుముద్దలా ఉన్న చెక్క నెలలు గడిచేకొద్దీ తేనె రంగుకి, ఆ తర్వాత ఎర్రటి గోధుమ రంగుకి తిరుగుతుంటే రోజూ చూసుకునేవాళ్లం. ఆ చెట్టుని నాన్నగారి చిన్నప్పుడు నాటారట. కాబట్టి మా ఇంట్లో అది వట్టి తలుపు కాదు.

ఆ ఏడాది దసరాకి పూలదండ కడదామని మా బాబాయి ఆ తలుపు నడిమధ్యన రెండంగుళాల మేకు దించబోయాడు. ముందు సన్న బెజ్జం వేయకుండా కొట్టాడు. ఆరిన పనసలో అది అరంగుళం కన్నా కాస్త ఎక్కువ దిగి ఆగిపోయింది. ఇంకో రెండు దెబ్బలకి మొదలు దగ్గరే వంగి తలుపు మీద పడుకుంది.

నేను చెక్క ముక్క తెచ్చాను. నాలుగంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, ముప్పావంగుళం మందం ఉన్న మామిడి చెక్క. ఆ ముక్క ఎందుకో ఒక్క మాటలో చెబుతాను. సుత్తి పిడి చివర పట్టుకుని లాగితే, మన చేతి బలం మేకు దగ్గరకు వచ్చేసరికి సుమారు ఏడెనిమిది రెట్లు అవుతుంది. మనం ఇరవై కిలోల బలంతో లాగితే మేకు మీద నూట యాభై కిలోల లాగుడు పడుతుంది. దాదాపు అంత బరువూ సుత్తి తల ఆనుకున్నచోట కూడా పడుతుంది, ఆ చోటు చూస్తే బొటనవేలి గోరంత. గట్టి చెక్కయినా అక్కడ గుంట పడకుండా ఉండదు. ముక్క పెడితే ఆ బరువు దాని వెడల్పంతా పరుచుకుంటుంది. రెండో మేలు, నా లెక్కలో అదే పెద్దది. సుత్తిని వెనక్కి వాల్చేకొద్దీ మేకు నిటారుగా రాకుండా మన వైపుకి వాలుతూ వస్తుంది, బెజ్జం ఒకపక్కకి సాగి అండాకారం అయిపోతుంది. కింద ఎత్తు పెట్టుకుంటే సుత్తిని అంతగా వాల్చక్కర్లేదు, మేకు తిన్నగా పైకి వస్తుంది.

ఆ రోజు ఇవన్నీ తెలిసే చేశాను. చెడింది మాత్రం నేను అనుకోని రెండు చోట్ల.

తలుపు నిలబడి ఉంది కదా, ముక్కని ఎడమచేత్తో తలుపుకి అదిమి పట్టుకుని కుడిచేత్తో సుత్తి లాగాలి. మొదటి లాగుడుకే సుత్తి జారింది, ముక్క వాకిట్లో పడింది. మా ఊళ్లో వాకిలంటే ఇసుకే. ముక్కని లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టాను. ఈసారి మేకు కీచుమంటూ కదిలింది. ఇంకో పట్టు పట్టేసరికి మొత్తం వచ్చేసింది. సంతోషంగా ముక్క తీసి చూశాను. మేకు బెజ్జం పక్కనే తలుపు మీద స్కేలు పెట్టి గీసినట్టు రెండంగుళాల పొడవు నొక్కు. దాని పక్కన సన్నటి గీతలు నాలుగైదు. ముదురు రంగుకి తిరిగిన చెక్క మీద ఆ గీతల్లో లోపలి పసుపు మెరుస్తోంది. నాన్నగారు ఏమీ అనలేదు, వచ్చి చూసి లోపలికి వెళ్లిపోయారు. అది చాలు నాకు.

గీతలు ఎందుకు పడ్డాయో వెంటనే తెలిసింది. మామిడి చెక్క మెత్తన, ఇసుక రేణువులు దాని నారలో దిగబడ్డాయి. లుంగీతో తుడిస్తే పోవు. పైన నూట యాభై కిలోలు పెట్టి ముక్కని కాస్త కదిపితే గరుకు కాగితంతో రుద్దినట్టే. కానీ ఆ నొక్కు ఎందుకు పడిందో అంతుపట్టలేదు. మర్నాడు తలుపు చేసిన వడ్రంగి తాత వచ్చి చూసి చెప్పాడు.

"ముక్క పెట్టినావు, బాగానే ఉంది బాబూ. మేకు ముక్క అంచునుంటే సుత్తి ఆనేదీ ఆ అంచు దగ్గరే. బరువంతా అంచు మీదే కదేటి పడతాది? వెనకున్న చెక్కంతా ఉత్తిదే."

అంతే సంగతి. మేకుకి వీలైనంత దగ్గరగా సుత్తి ఆనితేనే లాగుడు బలంగా ఉంటుంది, కాబట్టి ముక్కని మేకుకి ఆనించి పెడతాం. అప్పుడు ముక్క ముందంచు తలుపులోకి దిగుతుంది, వెనకంచు కాస్త లేస్తుంది. వెడల్పు ముక్క పెట్టామన్న ధీమా తప్ప ఆ వెడల్పు పనిచేయడం లేదు.

తాత చూపించిన ఉపాయమే నేను ఈ నాలుగేళ్లుగా వాడుతున్నది. 6 ఎంఎం ప్లైవుడ్ ముక్క, అరచేయంత. ఒక అంచు నుంచి మధ్య వరకూ రెండు రంపపు కోతలు పెట్టి, మేకు తల కూడా పట్టేంత వెడల్పు గాడి తీయాలి. మేకు ఆ గాడి చివర ఉండేలా ప్లైని పక్కనుంచి తోస్తే, మేకు సరిగ్గా ప్లై మధ్యన నిలబడుతుంది. ఎత్తు కోసం పెట్టే ముక్కలు ఈ ప్లై మీద పెట్టాలి. ఇప్పుడు పై ముక్క అంచు నొక్కేది ప్లైని, ప్లై ఆ బరువుని మేకుకి అటూ ఇటూ పంచుతుంది. ప్లై అంచులు గరుకు కాగితంతో గుండ్రం చేసుకున్నాను. అడుగున పాత నోటుబుక్ అట్ట పెడతాను, ప్రతిసారీ కొత్తది. మొదట సైకిల్ ట్యూబు ముక్క అంటించి చూశాను గానీ, రబ్బరు ఒకపక్కకి అణిగి ముక్క ఒరిగిపోతోంది. తీసేశాను.

పై ముక్కలు రెండు ఉంచుకున్నాను, అరంగుళానిది ఒకటి, అంగుళంన్నరది ఒకటి. ఇవి మామిడివి కావు, తుమ్మవి. మెత్తటి చెక్క అయితే సుత్తి తల దానిలోకే దిగిపోయి, మన లాగుడు సగం అక్కడే ఖర్చయిపోతుంది. మేకు అరంగుళం పైకి రాగానే ఆగి, చిన్న ముక్క తీసి పెద్దది పెడతాను. ఒక్క లాగుడుకి మొత్తం రావాలని చూడను.

వంకర మేకుకి ఇంకో పని ముందుంది. దాన్ని అలాగే లాగితే వంపు బెజ్జంలోంచి బయటికి వచ్చేటప్పుడు నోటి దగ్గర చెక్క పెచ్చు లేస్తుంది. అందుకని ముందు తిన్నగా చేయాలి. తలుపు మీద పడుకున్న మేకు కిందకి అట్ట, దాని మీద పాత హ్యాక్సా బ్లేడు దూర్చి, ప్లేయర్ పట్టేంత సందు వచ్చేదాకా మేకుని లేపుతాను. తర్వాత వంపు దగ్గరే ప్లేయర్‌తో పట్టుకుని, చెక్కకి ఆనకుండా గాలిలోనే కొంచెం కొంచెంగా నిలబెడతాను. పూర్తిగా తిన్నగా రాకపోయినా ఫరవాలేదు, మొదలు దగ్గర వంపు పోతే చాలు. పాతబడి తుప్పు పట్టిన మేకైతే నిలబెట్టాక తల మీద ఒక్క చిన్న దెబ్బ, లోపలికి వెంట్రుకవాసి దిగేంత. తుప్పు పట్టు వదులుతుంది. ఆ తర్వాత లాగితే తేడా చేతికే తెలుస్తుంది.

నా తలుపు సంగతి. నొక్కు పోయింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె పది సెకన్లు ఆనిస్తే, అణిగిన నార నీరు తాగి ఉబ్బింది. మూడుసార్లు చేస్తే చేతికి తగలకుండా పోయింది. నూనె పెట్టిన తలుపు కాబట్టి ధైర్యం చేశాను. పాలిష్ ఉంటే ఆవిరికి తెల్లమచ్చ వస్తుంది. గీతలకి మాత్రం ఆవిరి పనిచేయలేదు, అక్కడ నార అణగలేదు, తెగిపోయింది. నార వెంబడే గరుకు కాగితంతో రుద్దాల్సి వచ్చింది. ఆ చోటు మళ్లీ పసుపు తేలింది, చుట్టూ ఉన్న రంగుతో కలవడానికి ఏడాది పైనే పట్టింది. బెజ్జంలో అదే చెట్టు చెక్కతో చిన్న సీల చేసి దించాడు తాత.

అప్పటినుంచి మంచాలు, బీరువా తలుపు, బడి బల్లలు కలిపి ముప్పై దాకా మేకులు ఈ గాడి ప్లైతో తీశాను. రెండుసార్లు తప్ప మచ్చ పడలేదు. ఆ రెండుసార్లూ బల్ల పలక కాస్త వంగి ఉంది, ప్లై దానికి సమంగా ఆనలేదు. ఇప్పుడు ముందు ప్లైని వేలితో నాలుగు మూలలా నొక్కి, ఊగుతోందేమో చూసుకుంటున్నాను.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పను. నేను వడ్రంగిని కాను, బడిలో గుమాస్తాని. తొందర లేదు, ఒక్క మేకుకి పావుగంట పెట్టగలను. నేను తీసినవన్నీ రెండున్నర అంగుళాల లోపు మేకులే. మేకు తల కనీసం అరంగుళం పైకి ఉంటేనే ఈ పద్ధతి. చెక్కలో మునిగిపోయిన తలకి ఇది పనికిరాదు, చుట్టూ చెక్క తవ్వకుండా సుత్తికి పట్టు దొరకదు. నిలబడి ఉన్న తలుపుకైతే ముక్కలు పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి, మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. మా అత్తగారింట్లో పాత టేకు గుమ్మానికి తోరణాలు కట్టిన మేకులు డజను పైనే ఉన్నాయి, సగం తలలు ఊడిపోయి మొండివే మిగిలాయి. తీసిపెట్టమని రెండేళ్లుగా అడుగుతున్నారు. వాటి జోలికి ఇంకా వెళ్లలేదు.