బొమ్మల పోస్టర్లకు "ఏఐ హెచ్‌డీ" చార్జి కడుతున్నారా? ముందు ఇది చూడండి

భీమవరం, పాలకొల్లు వైపు యానిమే పోస్టర్లు గానీ సొంతంగా గీసిన లైన్ ఆర్ట్ గానీ ప్రింట్ వేయించుకునేవాళ్లు కాస్త జాగ్రత్త. షాపు పేరు చెప్పను, భీమవరంలోనే ఒక చోట. మా తమ్ముడు గీసిన యానిమే బొమ్మ, 600×900 పిక్సెళ్ల పీఎన్‌జీ ఫైలు, 2 అడుగులు × 3 అడుగుల పోస్టర్‌గా కావాలని ఇచ్చాం. ప్రింట్ డబ్బులు కాక "ఏఐతో హెచ్‌డీ చేస్తామండీ" అని విడిగా ఇంకో చార్జి వేశారు. తీరా చేతికొచ్చాక చూస్తే జుట్టు గీతల పక్కన, భుజం అంచున, ప్రతి నల్ల గీతకీ తెల్లటి నీడలాంటి చార. ఆకాశం సాదా నీలమైతే దాని మీద ఇసుక చల్లినట్టు గరుకు.

ఆ చారనే రింగింగ్ అంటారు. ఫోటో ఎడిటర్లలో ఉండే లాంక్‌జోస్, బైక్యూబిక్ లాంటి పాత పద్ధతులు బొమ్మను పెద్దది చేసేటప్పుడు కొత్త పిక్సెల్ రంగును చుట్టుపక్కల పిక్సెళ్ల నుంచి లెక్కకడతాయి. దగ్గరివాటిని కలుపుతాయి, కాస్త దూరంలోవాటిని కొద్దిగా తీసేస్తాయి. ఆ తీసేసే చోట నల్ల గీత పడిందనుకోండి, తీయాల్సినంత తీయవు, దాంతో పిక్సెల్ ఉండాల్సిన దానికంటే తెల్లబడుతుంది. ఫోటోలో ఇది పెద్దగా కనబడదు, ఎందుకంటే అంచు పక్కన ఆకులో, చర్మమో, ఏదో ఒక గజిబిజి ఉంటుంది. యానిమేలో గీత పక్కన ఉండేది ఒకే రంగు, అందుకే దొరికిపోతుంది. పైగా వీళ్లు దాని మీద షార్పెన్ కూడా కొట్టారు, చార ఇంకా మందమైంది.

షాపులో శాంపిల్‌గా తెల్ల కాగితం మీద నల్ల గీతల బొమ్మ చూపిస్తారు, అది నమ్మకండి. తెలుపు ఇప్పటికే 255, దానికంటే తెల్లగా మారదు కాబట్టి చార అక్కడే దాక్కుంటుంది. లేత రంగు నేపథ్యం ఉన్న బొమ్మే అడగండి. షాపువాళ్లు పెద్దది చేసిన మా ఫైలును 400 శాతం జూమ్ చేసి కలర్ పికర్‌తో చూశాను. ఆకాశం ఆకుపచ్చ చానెల్ విలువ 170 ఉంటే గీతను ఆనుకుని 188, రెండు మూడు పిక్సెళ్లు దాటాక మళ్లీ 170. అదే సాక్ష్యం.

నిలదీస్తే షాపతను "మాది పెద్ద ఏఐ మోడలండీ, ఫోటోలకి అదిరిపోద్ది" అన్నాడు. అసలు తంటా అదే! ఫోటోలతో నేర్చుకున్న మోడల్‌కి ప్రతి ఖాళీలో ఏదో చర్మమో గుడ్డనేతో ఉంటుందని అలవాటు, అందుకే సాదా రంగులో గరుకు పుట్టిస్తుంది. పాత చారను కూడా "ఇదీ వివరమే" అనుకుని పదునుపెడుతుంది. బొమ్మలతో నేర్చుకున్నదానికి తెలిసింది శుభ్రమైన గీత, సాదా రంగు, అంతే. దానికి పెద్ద సైజు కూడా అక్కర్లేదు. బొమ్మల్ని పెద్దవి చేసే రియల్-ఈఎస్‌ఆర్‌గాన్ అనే ప్రోగ్రామ్‌లో మామూలు మోడల్‌కి లెక్కలు కట్టే బ్లాకులు 23 ఉంటే, యానిమే మోడల్‌కి 6 మాత్రమే. బొమ్మల మీద చిన్నదే గెలుస్తుంది.

ఇంకో సంగతి, ఈ ప్రోగ్రామ్ ఉచితం. ఇదే పని చేసే, 2015లో వచ్చిన వైఫు2ఎక్స్ కూడా ఉచితమే. వల్కన్ పనిచేసే గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో రియల్-ఈఎస్‌ఆర్‌గాన్‌కి ఈ కమాండ్ ఇచ్చాను:

```
realesrgan-ncnn-vulkan -i bomma.png -o pedda.png -n realesrgan-x4plus-anime
```

4 రెట్లు పెరిగి 2400×3600 వచ్చింది, అంటే 24 అంగుళాల వెడల్పుకి అంగుళానికి 100 పిక్సెళ్లు. గోడ మీద పోస్టర్‌కి బాగానే సరిపోయింది. అదే గీత పక్కన పికర్ పెడితే 170 నుంచి ఒకటి రెండు అంకెలే అటూ ఇటూ. ఫైలు మాత్రం వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే కంప్రెషన్‌తో గీతల చుట్టూ దోమలు వాలినట్టు చుక్కలు వస్తాయి. అలాంటి ఫైలే మిగిలితే వైఫు2ఎక్స్‌లో ఆ చుక్కల్ని తుడిచే డీనాయిజ్‌ని 1వ స్థాయి నుంచి మొదలుపెట్టండి. నేరుగా 3కి వెళ్తే సన్న గీతలు, కనురెప్పల వెంట్రుకలు చెరిగిపోతాయి.

ఈ మోడళ్లు అన్నిటికీ పనికిరావు. వాటర్‌కలర్ బొమ్మ ఇస్తే కాగితం గరుకంతా తుడిచేసి ప్లాస్టిక్‌లా చేస్తాయి, మాంగా చుక్కల టోన్‌ని మరకలుగా మారుస్తాయి. మనిషి ఫోటో అయితే అసలు వద్దు. బొమ్మ మీద చిన్న తెలుగు అక్షరాలుంటే వత్తులు, గుడులు కలిసిపోయి ముద్దవుతాయి, అందుకే అక్షరాలు తీసేసి బొమ్మ పెద్దదయ్యాక మళ్లీ టైప్ చేయించండి.

మా చార్జి డబ్బులు ఇంకా వెనక్కి రాలేదు. మేం తయారుచేసుకున్న ఫైలు పట్టుకెళ్లి వేరే షాపులో ప్రింట్ చార్జి మాత్రమే కట్టి వేయించుకున్నాం. మీరు ఆర్డర్ ఇచ్చే ముందు లేత రంగు మీద నల్ల గీత ఉన్న చిన్న ముక్క ఒకటి పంపి, పెద్దది చేసి చూపించమనండి. దానికి ఒప్పుకోని చోట అడ్వాన్స్ ఇవ్వకండి.