రాగి జావ, పెసరపప్పు గంజి: మింగడం కష్టమైన పెద్దలకు ఏది మేలు?

పక్షవాతం తర్వాత మా అత్తగారికి మింగడం కష్టమైందని తెలిసిన బంధువులందరూ ఒకటే అడుగుతున్నారు: రాగి జావ ఇస్తే సరిపోదా అని. మేమూ మొదట అలాగే అనుకుని కొన్ని వారాల పాటు ఇచ్చి, ఆ తర్వాత బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా రుబ్బిన గంజికి మారాము. ఆమె పాలు, పెరుగు తీసుకోరు కనుక ఈ పోలిక పూర్తిగా గింజధాన్యాలు, పప్పుల మధ్యనే.

స్పీచ్ థెరపిస్ట్ ఆమెకు, ఆహారం ఎంత చిక్కగా, ఎంత మెత్తగా ఉండాలో స్థాయిలుగా చెప్పే ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానంలో నాలుగో స్థాయి ఆహారం సూచించారు. ఆ స్థాయి ఆహారం చెంచాలో ఆకారం నిలుపుకోవాలి, చెంచాను పక్కకు వంచితే ఒకే ముద్దగా జారిపడాలి, చెంచాకు జిగురుగా అంటుకోకూడదు, పక్కన నీరు విడిగా తేలకూడదు. ఎవరికి ఏ స్థాయి కావాలో పరీక్షించి నిర్ణయించవలసింది వారే. ఇంట్లో మనం చేయగలిగింది ఆ చిక్కదనాన్ని మొదటి చెంచా నుంచి చివరి చెంచా వరకు నిలపడం. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే.

రాగి జావ ఇక్కడే ఇబ్బంది పెట్టింది. పొయ్యి మీద సరిగ్గా ఉన్నట్టు కనిపించిన జావ, ఆమె నిదానంగా తినే ఇరవై నిమిషాల్లో చల్లారి గట్టిపడి, పైన మీగడలాంటి పొర కట్టేది. వేడినీళ్లు పోసి కలిపితే ఉండలు ఒకవైపు, నీరు ఒకవైపు అయ్యేవి. మింగలేనివారికి ఇలా రెండు రకాలుగా విడిపోయిన పదార్థమే ఎక్కువ ప్రమాదం. దీనికి తోడు లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని కరిగిస్తుంది కాబట్టి, నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ గిన్నెలో ముంచుతుంటే చివరికి గిన్నెలోని జావ పలచబడుతుంది. ఈ చిక్కు బియ్యం గంజికీ ఉన్నదే, అందుకే ఏది పెట్టినా ఒక చిన్న గిన్నెలోకి కొద్దికొద్దిగా తీసుకుని పెడుతున్నాము. అయితే పప్పు కలిసిన గంజి మా వంటింట్లో అంత త్వరగా గట్టిపడలేదు, విరగలేదు.

ముప్పై గ్రాముల బియ్యం, ముప్పై గ్రాముల పొట్టులేని పెసరపప్పుకు సుమారు 350 మిల్లీలీటర్ల నీరు పోసి, కుక్కర్‌లో చిమిడిపోయేదాకా ఉడికించి, వేడిగా ఉండగానే మిక్సీలో తిప్పి, జల్లెడలో రుద్ది దించుతాము. చివర ఒక చెంచా నూనె కలుపుతాము. పెట్టబోయే వేడిలోనే చెంచా వంచి చూస్తాము, ఎందుకంటే మరిగేటప్పుడు చూసిన చిక్కదనం తినేటప్పుడు ఉండదు.

పోషణ లెక్కలోనూ తేడా పెద్దది. యాభై కిలోల బరువున్న ఆమెకు రోజుకు కనీసం యాభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. ముప్పై గ్రాముల రాగిపిండితో కాచిన జావలో ఉండేవి రెండు గ్రాములు, పైన చెప్పిన గంజిలో దాదాపు తొమ్మిది. మూడు పూటలా జావే ఇస్తే కడుపు నిండుతుంది, బరువు మాత్రం తగ్గిపోతుంది. గింజధాన్యాల్లో క్యాల్షియం విషయంలో రాగికి సాటి లేదు కనుక ఉదయం ఒక చిన్న గిన్నె ఉంచుకున్నాము. పాలు, పెరుగు లేని శాకాహారంలో దొరకని బి12ను వైద్యుని సలహాతో మాత్రగా, అదీ మింగగలిగే రూపంలో, ఇస్తున్నాము. సగ్గుబియ్యం జావలో పిండి తప్ప మరేమీ లేదు, పైగా గింజలు జారుతాయి. ఓట్స్ కూడా రుబ్బి వడకడితే పనికొస్తాయి.

ఇక మాంసకృత్తులు పెంచుదామని పల్లీ పొడి, నువ్వుల పొడి పైన చల్లడం నేను చేసిన పొరపాటు. పొడి పలుకులు గొంతులో చెదిరి ఆమెకు దగ్గు తెప్పించాయి. ఇప్పుడు పల్లీలు నానబెట్టి, నీటితో మెత్తగా రుబ్బి, పలచని గుడ్డలో వడకట్టిన పాలను గంజి ఉడికే నీటిలో కలుపుతున్నాము. పల్లీ వెన్నను చెంచాతో నేరుగా పెట్టడం మరీ ప్రమాదం, అది అంగిలికి అతుక్కుని కదలదు. పోపు లేకపోతే ఆమె తినరు, అందుకని ఆవాలు, జీలకర్ర, కరివేపాకు నూనెలో వేయించి, ఆ నూనెను మాత్రమే వడకట్టి కలుపుతాము. టమాటా, వంకాయ గుజ్జునూ గింజలు పోయేలా జల్లెడ పడతాము.

దగ్గు రాలేదంటే సరిగ్గా మింగినట్టు కాదు, కొందరికి ఆహారం ఊపిరితిత్తుల వైపు వెళ్లినా దగ్గే రాదు. అందుకే తిన్న తర్వాత ‘ఆ’ అనమంటాము. గొంతు తడిగా గురగురలాడితే ఆ పూటకు ఆపేస్తాము, అది మళ్లీ మళ్లీ జరిగినా జ్వరం వచ్చినా థెరపిస్ట్‌కు, వైద్యునికి చెబుతాము.