పోస్టర్ ఫోటో నుంచి అయిదు నిమిషాల ప్రసంగం: నాలుగేళ్లు వాడాక నా అభిప్రాయం

పాలకొల్లు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా పిల్లలు ఏటా రెండు మూడు సదస్సులకు పోస్టర్లు పట్టుకెళ్తారు. తీరా అక్కడికి వెళ్లాక, ఎంపికైన పోస్టర్ల వాళ్లు మధ్యాహ్నం వేదిక మీద అయిదు నిమిషాలు మాట్లాడాలని చెబుతారు. అసలు ఫైలు ఫ్లెక్స్ షాపులో ఉంటుంది, చేతిలో మిగిలేది ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కటే. ఆ ఫోటో నుంచి, పోస్టర్‌ను కళ్లు చదివే వరుసలోనే, మాట్లాడాల్సిన అంశాలు రాసుకునే పద్ధతి ఇది. ఫోన్, అక్షరాలు చదివే యాప్, ఒక తెల్లకాగితం, పెన్సిల్ చాలు. నాలుగేళ్లలో ముప్పై పోస్టర్లకు పైగా చేశాను. ఇది పనిచేస్తుంది, కానీ ఫోటో సరిగ్గా ఉంటేనే.

ఫోటో సంగతే ముందు చెప్తాను, సగం తిప్పలు అక్కడే కాబట్టి. నాలుగడుగుల వెడల్పు ఫ్లెక్స్ అంటే దాదాపు 1220 మిల్లీమీటర్లు, 12 మెగాపిక్సెల్ ఫోటోలో పొడవు వైపు ఉండేది 4000 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్లకు కాస్త పైన పడతాయి. గ్రాఫ్ అంచున ఉండే చిన్న అక్షరాల ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది కదా, అది ఏడెనిమిది పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, అంత చిన్నదాంట్లో ఏ యాప్ అయినా తడబడుతుంది. అందుకే మొత్తం పోస్టర్‌కు ఒక ఫోటో తీసి (అది వరుస చూసుకోవడానికి మాత్రమే), ఆ తర్వాత ప్రతి కాలమ్‌ను పై సగం, కింది సగం విడివిడిగా తీయమంటాను. తీశాక పెద్దది చేసి చూస్తే e, c తేడా తెలియాలి, తెలియకపోతే మళ్లీ తీయాలి. ఫ్లెక్స్ మెరుపు పడితే ఒక అడుగు పక్కకు జరిగితే చాలు. ఇంకొకరికి పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే ఉన్న పిక్సెళ్లు కూడా తగ్గిపోతాయి.

రెండేళ్ల క్రితం మా విద్యార్థిని ఒకామె చేసిన పోస్టర్ గురించి చెప్తాను, నేను ఈ పద్ధతిలో ఎక్కువ నేర్చుకున్నది దాంతోనే. వరిలో సుడిదోమ మీద. ఇక్కడ రైతులు దోమపోటు అంటారు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరలుగా వదిలితే దోమ తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. వేసింది స్వర్ణ రకం, అంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 7029, దీనికి దోమను తట్టుకునే గుణం లేదు. పోస్టర్‌లో మూడు కాలమ్‌లు: మొదటిదాంట్లో పరిచయం, లక్ష్యం, పద్ధతులు. రెండోదాంట్లో రెండు గ్రాఫులు. మూడోదాంట్లో దిగుబడి పట్టిక, ముగింపు, అన్నిటికన్నా కింద మళ్ల నమూనా బొమ్మ.

ఆమె మొత్తం ఫోటోను ఒకేసారి యాప్‌కు ఇచ్చింది. యాప్ మూడు కాలమ్‌లనూ అడ్డంగా కలిపి చదివేసింది. పోస్టర్ ఇంగ్లీషులోనే ఉంది గానీ, తెలుగులో చెప్పాలంటే "సుడిదోమ కుదురు మొదట్లో, నీటిమట్టానికి దగ్గరగా" అని మొదలైన వాక్యం "బాటలు తీసిన మళ్లలో తక్కువగా నమోదైంది" అని ముగిసింది. చదివితే అర్థం ఉన్నట్టే ఉంటుంది, అదే ప్రమాదం. పరిచయంలో మొదలైన వాక్యం ఫలితంతో ముగిస్తే కాలమ్‌లు కలిసిపోయాయని గుర్తుపట్టాలి. మందు తేలికే, కాలమ్ కాలమ్‌గా కత్తిరించి ఇవ్వడం.

ఇంకో తప్పు మరీ పెద్దది. గ్రాఫ్ కింద కుదురుకు 12.5 దోమలని ఉంటే యాప్ చుక్క మింగేసి 125 అంది. ఉధృతి బాగా ఉంటే కుదురుకు వంద దాటడం వినని మాట కాదు, కాబట్టి అనుమానం రాలేదు. ఆ గ్రాఫ్ నిలువు గీత 20 దగ్గరే ఆగిపోయింది కదమ్మా అని చూపిస్తే అప్పుడు ఆమె ముఖం మారింది. "వేదిక మీద ఇదే చెప్పేసేదాన్ని మేడం" అంది. అప్పటినుంచి ప్రతి అంకెనూ దాని గ్రాఫ్ పై అంచుతో పోల్చి చూడటం మా దగ్గర నియమం. పైన చిన్నగా రాసే ఘాతాంకాలు కూడా అంతే, పదికి అయిదో ఘాతం కాస్తా 105 అయిపోతుంది. ఫోటోలో తెలియని అంకెను ఊహించి రాయకూడదు, "ఎక్కువ, తక్కువ" అని చెప్పి వదిలేయాలి.

ఇక వరుస. మొత్తం ఫోటో మీద ఫోన్‌లోనే, గీసే పెన్సిల్‌తో ఒక్కో గడికి 1, 2, 3 అంకెలు వేసి గీత కలపమంటాను. గీత పైనుంచి కిందికి, తర్వాతి కాలమ్‌కు సాఫీగా పోతే అదే ప్రసంగం వరుస. దాన్ని దాటి తెలివితేటలు చూపించక్కర్లేదు, ఎందుకంటే తెర మీద ఉన్నది అదే పోస్టర్, మనం ఒకచోట మాట్లాడుతుంటే వినేవాళ్ల కళ్లు ఇంకోచోట ఉంటే ఫలితం ఎవరికీ అందదు. ఆమె పోస్టర్‌లో గీత ఒక్కచోట తెగింది: మళ్ల నమూనా బొమ్మ పద్ధతులకు చెందినది, చోటు చాలక మూడో కాలమ్ అడుగుకు పోయింది. దాని కోసం వరుస మొత్తం మార్చలేదు. పద్ధతులు చెప్పేటప్పుడు "కుడివైపు కింద బొమ్మ చూడండి" అని ఒక్కసారి దూకి, వెంటనే రెండో కాలమ్ పైకి వచ్చేలా రాశాం. ఇలా దూకడం ఒకసారైతే వినేవాళ్లు భరిస్తారు, రెండోసారి వస్తే దారి తప్పుతారు, ఇది చాలామంది పిల్లల విషయంలో చూశాను.

సమయం ఇలా పంచాం: శీర్షికకూ ప్రశ్నకూ 30 సెకన్లు, దోమ గురించి 45, ప్రయోగానికి 45, ఫలితాలకు రెండు నిమిషాల పావు, ముగింపుకు 45. కాగితం మీద పూర్తి వాక్యాలు ఉండవు. ప్రతి వరుసలో గడి అంకె, చూపించే చోటు, చెప్పే ఒక్క మాట. ఉదాహరణకు నాలుగో గడి వరుస ఇది: "4, గ్రాఫ్ ఎడమ స్తంభాలు, బాటలున్న మళ్లలో దోమ తక్కువ, గాలీ వెలుతురూ కుదురు మొదలు దాకా." పోస్టర్‌లో 700 మాటలకు పైనే ఉన్నాయి. మా పిల్లలు కంగారు లేకుండా తెలుగులో నిమిషానికి 80, 90 మాటలు చెప్పగలరు, అంటే అయిదు నిమిషాలకు 450 లోపే. కాబట్టి మూడో వంతుకు పైనే పోవాలి. మేం ముందు తీసేసేది పరిచయం. సుడిదోమ అంటే ఏమిటో గోదావరి జిల్లాల సభలో రెండు నిమిషాలు చెప్పడం దండగ. అదే కొత్త ఊళ్లో అయితే, చేలో గుండ్రంగా సుడులుగా మాడిపోవడం ఒక్క వాక్యంలో చెప్పమంటాను. పట్టిక మొత్తం ఎప్పుడూ చదవనివ్వను, ఒక అడ్డవరుస చాలు.

ఈ పద్ధతి కుదరని పోస్టర్లు ఉన్నాయి. 2019లో మైక్ మోరిసన్ అనే మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి చెప్పిన తీరులో, మధ్యలో ఒకే పెద్ద వాక్యం, రెండు పక్కలా సన్నని కాలమ్‌లు పెట్టే పోస్టర్లు ఇప్పుడు మా పిల్లలూ చేస్తున్నారు. అక్కడ కళ్లు ముందు మధ్యకే పోతాయి, కాబట్టి ఫలితమే మొదటి 30 సెకన్లలో చెప్పేసి, తర్వాత ఎడమ కాలమ్‌కు రావాలి. రుజువు చూపడానికి మళ్లీ మధ్యకు వెళ్లాలా, కుడి పక్కతో సరిపెట్టాలా అన్నది ఇంకా ప్రతిసారీ విడిగా తేల్చుకుంటున్నాను. మొన్న వనామీ రొయ్యల చెరువుల మీద వచ్చిన పోస్టర్‌కు రెండు రకాలుగానూ రాసి ఇద్దరు పిల్లలతో చెప్పించాను, కుడి పక్కకు వెళ్లినదే 4 నిమిషాల 50 సెకన్లలో అయింది, రెండోది అయిదున్నర దాటింది.