సొంత యూనిట్టా, జతల లెక్కన కుట్టించడమా: ఏది మేలు?

జూన్‌లో బడులు తెరిచేలోగా యూనిఫాంలు కుట్టి ఇచ్చే వ్యాపారి ముందు రెండు దారులు ఉన్నాయనుకుందాం. జత అమ్మకం ధర ఎటు చూసినా రూ. 500.

సొంత యూనిట్ పెడితే అద్దె, మెషీన్లు, దర్జీల జీతాలు కలిపి సీజన్‌కు స్థిర వ్యయం రూ. 3 లక్షలు. గుడ్డ, దారం వంటి చర వ్యయం జతకు రూ. 400. అంటే జతకు రూ. 100 మిగులుతుంది. 3,000 జతలు అమ్మితే లాభం, నష్టం రెండూ లేని బ్రేక్ ఈవెన్. బయట దర్జీలకు జతల లెక్కన ఇస్తే స్థిర వ్యయం రూ. లక్షే. కానీ చర వ్యయం రూ. 450 అవుతుంది కాబట్టి మిగిలేది రూ. 50. ఇక్కడ బ్రేక్ ఈవెన్ 2,000 జతలు. సరిగ్గా 4,000 జతల దగ్గర రెండు దారుల్లోనూ లాభం రూ. లక్షే.

ఆర్డర్లు ఎన్ని వస్తాయో ముందే తెలియదు. పాత సీజన్ల పుస్తకాలు చూసి 2,000 జతలకు 0.3, 4,000కు 0.3, 6,000కు 0.4 సంభావ్యత వేశాం. సొంత యూనిట్‌లో ఈ మూడు స్థాయిల్లో వచ్చేవి వరుసగా రూ. లక్ష నష్టం, రూ. లక్ష లాభం, రూ. 3 లక్షల లాభం. ఒక్కోదాన్ని దాని సంభావ్యతతో గుణించి కలిపితే ప్రత్యాశిత లాభం రూ. 1,20,000. జతల లెక్కన అయితే సున్నా, రూ. లక్ష, రూ. 2 లక్షలు, ప్రత్యాశిత లాభం రూ. 1,10,000.

సొంత యూనిట్‌దే పైచేయి, అదీ రూ. 10 వేలతో. ఆ పది వేల కోసం పదింట మూడు వంతుల అవకాశం ఉన్న లక్ష నష్టాన్ని నెత్తిన పెట్టుకోవాలి. చేతిలో నిల్వ డబ్బు లేనివారికి నేనైతే ఈ బేరం చెప్పను. పైగా 6,000 నుంచి కేవలం 0.1 సంభావ్యత 2,000 వైపు జరిగితే ఫలితం తారుమారై సొంత యూనిట్‌కు రూ. 80 వేలు, రెండో దారికి రూ. 90 వేలు వస్తాయి.

అసలు చిక్కు మరొకటి. ఆర్డర్లను కూడా వాటి సంభావ్యతలతో గుణించి కలిపితే సగటు 4,200. ఈ ఒక్క సంఖ్యనే జతకు మిగిలేదానితో గుణించి స్థిర వ్యయం తీసేసినా అవే రూ. 1,20,000, రూ. 1,10,000 వస్తాయి. అందుకే చాలామంది సంభావ్యతలను పక్కన పెట్టి సగటుతోనే సరిపెడతారు. లాభం ఆర్డర్లతో సరళరేఖలో పెరిగినంత వరకే ఈ దగ్గరి దారి చెల్లుతుంది. సొంత దర్జీలు సీజన్‌లో 5,000 జతలకు మించి కుట్టలేరనుకోండి. 6,000 ఆర్డర్లు వచ్చినా లాభం రూ. 2 లక్షల దగ్గర ఆగిపోతుంది, ప్రత్యాశిత లాభం రూ. 80 వేలకు పడిపోతుంది. 4,200 మాత్రం 5,000 లోపే కాబట్టి సగటు లెక్క ఇంకా రూ. 1,20,000 అనే చెబుతుంది.

మిగిలిన వెయ్యి జతలు బయట కుట్టిస్తే? రూ. 50 వేలు కలిసి 6,000 దగ్గర లాభం రూ. 2.5 లక్షలు, ప్రత్యాశిత లాభం రూ. లక్ష అవుతాయి. అప్పటికీ జతల లెక్కే మేలు. ఈ అమరికలో 6,000 జతల సంభావ్యత 2,000 జతల సంభావ్యతకు రెండింతలు దాటితేనే సొంత యూనిట్ ముందుకు వస్తుంది.