తుప్పు మరకకు నిమ్మఉప్పా, ఆక్సాలిక్ ఆమ్లమా?

నూలు బట్ట మీది తుప్పు మరకకు ఈ రెంటిలో ఏది మేలని చాలామంది అడుగుతున్నారు. రెండూ చేసే పని ఒకటే: నీటిలో కరగని ఇనుమును కరిగేలా మార్చి బట్టను విడిపిస్తాయి. ఆక్సాలిక్ ఆమ్లం త్వరగా పని ముగిస్తుంది, నిమ్మఉప్పు ఆలస్యం చేస్తుంది. అయినా నేను నిమ్మఉప్పువైపే మొగ్గుతాను.

నా దృష్టిలో అసలు ప్రశ్న మరక ఎంత త్వరగా పోతుందన్నది కాదు, ఆ తర్వాత బట్టలో ఏం మిగులుతుందన్నది. నూలు పోగు సెల్యులోజ్‌తో ఏర్పడింది. సెల్యులోజ్ అణువులు పొడవైన గొలుసుల్లా ఉంటాయి, ఆమ్లం ఆ గొలుసులను తెంచుతుంది. పూర్తిగా జాడించని బట్ట ఆరుతున్నకొద్దీ నీరు పోయి ఆమ్లం చిక్కబడుతుంది, దానిపై ఇస్త్రీ వేడి తగిలితే మరక ఉన్నచోటే పోగులు పెళుసెక్కి, కొన్ని ఉతుకుల తర్వాత చిల్లు పడుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం మరింత బలమైనది, పైగా విషపదార్థం. చేతితొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఈమధ్య తెల్ల నూలు చొక్కా మెడపట్టీకి ఇనుప హ్యాంగర్ తుప్పు అంటితే, కప్పు గోరువెచ్చని నీటిలో చెంచాడు నిమ్మఉప్పు కరిగించి, మరక భాగాన్ని అరగంట నానబెట్టాను. గోధుమరంగు లేత పసుపుకు దిగింది. నీరు మార్చి మరో అరగంట ఉంచితే పూర్తిగా పోయింది. ఆ తర్వాత మూడుసార్లు జాడించి, చివరి నీటిలో చిటికెడు వంటసోడా కలిపాను. పాతబడి ముదిరిన మరక రెండు విడతలకూ లొంగకపోతే మాత్రమే పలుచని ఆక్సాలిక్ ద్రావణాన్ని కొద్ది నిమిషాలు వాడి, అంతకంటే శ్రద్ధగా జాడిస్తాను. రంగు బట్టయితే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించాలి. బ్లీచింగ్ ద్రావణం తుప్పుకు పనికిరాదు. ఇనుము సమక్షంలో అది నూలును మరింత త్వరగా పాడుచేస్తుంది.

ఇక సిరా మరకల విషయానికొస్తే, ముందు సిరా రకం తెలుసుకోవాలి. ఇనుము కలిసిన పాతరకం నీలి నలుపు సిరాలో నీలిరంగు నీళ్లకు పోయి, వెనుక మిగిలే ముదురు మచ్చ తుప్పులాగే ఆమ్లానికి లొంగుతుంది. బాల్‌పెన్ సిరాకు ఆమ్లం పనిచేయదు. బట్టకింద తెల్ల గుడ్డ పరచి, దూదితో స్పిరిట్ అద్దుతూ, సిరా గుడ్డలోకి దిగేకొద్దీ దాన్ని మారుస్తూ పోవాలి. రుద్దితే మరక విస్తరిస్తుంది.

పోగు మారితే లెక్క మారుతుంది. పాలిస్టర్ నీటిని పీల్చుకోదు కనుక తుప్పు పైపైనే ఉండి తేలికగా వదులుతుంది, పలుచని ఆమ్లం దానికి హాని చేయదు; కానీ నూనె స్వభావమున్న బాల్‌పెన్ రంగు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, వేడి తగిలితే ఇంకా లోపలికి దిగుతుంది. కాబట్టి నూలు, పాలిస్టర్ కలిసిన చొక్కాపై ఒకే సిరా మరక సగం పోయి సగం నిలిచిందంటే, మిగిలింది చాలావరకు పాలిస్టర్ పోగుల్లోనిదే. పట్టు పలుచని ఆమ్లాన్ని ఓర్చుకుంటుంది, బ్లీచింగ్‌ను మాత్రం తట్టుకోలేదు.