జాగ్రత్త: మోడెమ్ దగ్గర పరీక్షించకుండా పెద్ద ప్లాన్‌కు, కొత్త రౌటర్‌కు డబ్బు పెట్టకండి

ఇంటర్నెట్ మందగించిందని పెద్ద ప్లాన్‌కు మారబోతున్నవారు, కొత్త రౌటర్ కొనబోతున్నవారు ముందుగా ఇది చదవగలరు. నేను ఆ రెండు పనులూ చేశాను, రెండింటిలోనూ డబ్బు వృథా అయింది. అసలు దోషం మోడెమ్‌ను రౌటర్‌కు కలిపే బారెడు కేబుల్‌లో ఉంది.

మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. రౌటర్ పక్కనే కూర్చుని వైఫైలో పరీక్షించినా వేగం 90 దాటేది కాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, పరికరాలు ఎక్కువైన ఇళ్లలో ఇంతేనని చెప్పి 500 ప్లాన్‌కు మార్చారు. వేగం ఏమాత్రం పెరగలేదు. దుకాణంవారి మాట నమ్మి ఖరీదైన రౌటర్ తెచ్చి పెట్టినా అదే 90. ప్లాన్ మారినా, రౌటర్ మారినా అంకె మారకపోవడాన్ని బట్టి రెండూ దోషులు కావని నేను అప్పుడే గ్రహించవలసింది.

చివరకు రౌటర్‌ను పక్కన పెట్టి, మోడెమ్ నుంచి దానికి వెళ్లే కేబుల్‌ను ఊడదీసి నేరుగా లాప్‌టాప్‌కు తగిలించాను. 94 వచ్చింది. మోడెమ్ దగ్గరే ఇంత తక్కువ వస్తే తప్పు కంపెనీదేనని నిశ్చయించుకుని కాస్త ఘాటుగానే ఫిర్యాదు రాశాను. వచ్చిన టెక్నీషియన్ అదే లాప్‌టాప్‌ను తన సంచిలోని కేబుల్‌తో మోడెమ్‌కు కలిపితే 470 కనబడింది. బీరువా కాలి కింద నలిగిన మా కేబుల్‌లో ఒక జత తీగలు తెగిపోయాయి.

కేబుల్ లోపల నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. మిగిలిన రెండింటిలో ఏది తెగినా చాలా పరికరాలు కనెక్షన్‌ను వదులుకోకుండా 100కు దిగి పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి మనకు తేడా తెలియదు. ఆ నూరులో కొంత భాగం డేటాతో పాటు పంపే చిరునామాల వంటి అదనపు సమాచారానికే పోగా స్పీడ్ టెస్ట్‌లో 94 దగ్గర ఆగుతుంది. ప్లాన్ అంతకన్నా పెద్దదై, ఎన్నిసార్లు పరీక్షించినా 93, 94, 95 దగ్గరే నిలుస్తుంటే ముందుగా కేబుల్‌ను, తరువాత లాప్‌టాప్ పోర్టును అనుమానించండి. కొన్ని పాత లాప్‌టాప్‌ల పోర్టులే 100కు మించవు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది టైప్ చేస్తే సంగతి తెలుస్తుంది:

```
Get-NetAdapter | Format-Table Name, LinkSpeed
```

ఈథర్నెట్ వరుసలో `1 Gbps` ఉంటే పరీక్షను నమ్మవచ్చు. `100 Mbps` ఉంటే ఆ పరీక్షతో కంపెనీని నిందించకూడదు.

కనుక మోడెమ్ దగ్గర పరీక్షకు ఇంట్లో ఇప్పటికే వాడుతున్న కేబుల్‌ను కాక మరొక మంచి కేబుల్‌ను తీసుకోండి. లాప్‌టాప్‌లో వైఫైనీ, వీపీఎన్‌నూ ఆపేయండి. రౌటర్ లేనప్పుడు లాప్‌టాప్ నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉండవచ్చు కాబట్టి ఫైర్‌వాల్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి, పరీక్ష కాగానే కేబుల్ తీసేయాలి. కొన్ని మోడెమ్‌లు మొదట చూసిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి. లాప్‌టాప్‌కు ఇంటర్నెట్ రాకపోతే మోడెమ్‌ను ఆపి, ఒకటి రెండు నిమిషాల తరువాత మళ్లీ వెలిగించండి. రౌటర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే రకం కనెక్షన్ అయితే వాటిని లాప్‌టాప్‌లోనూ ఇవ్వవలసి ఉంటుంది. మోడెమ్, రౌటర్ ఒకే పెట్టెలో ఉంటే దాని వైఫైని ఆపి, మిగతా కేబుళ్లన్నీ తీసి, లాప్‌టాప్ ఒక్కటే ఉంచి పరీక్షించండి. ఈ పద్ధతిలో పెట్టెలోని రౌటర్ భాగం మధ్యలోనే ఉంటుంది కాబట్టి తీర్పు అంత కచ్చితంగా ఉండదు.

మోడెమ్ దగ్గర ప్లాన్ వేగం వస్తూ, రౌటర్ పెట్టగానే పడిపోతే దోషం ఇంట్లోనే ఉంది. రౌటర్‌కు కేబుల్‌తో కలిపినప్పుడు కూడా బాగానే ఉండి వైఫైలోనే తగ్గితే సిగ్నల్ సంగతి చూసుకోవాలి, పెద్ద ప్లాన్ అక్కడ పనికిరాదు.

కంపెనీ తప్పును పట్టుకోవాలంటే మాత్రం ఒక్క పరీక్ష చాలదు. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 8 నుంచి 10 మధ్య ఒకసారి, రెండు మూడు రోజులు వరుసగా చేయండి. మోడెమ్ దగ్గర ఉదయం నిండుగా వచ్చి రాత్రి సగానికి పడిపోతుంటే లైను మీద రద్దీ ఎక్కువైందని అనుకోవచ్చు. స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గరి సర్వర్‌ను తానే ఎంచుకుంటుంది, అది కంపెనీ సొంత సర్వరే కావచ్చు. అందుకని బయటి సర్వర్‌తోనూ ఒకసారి చూడండి. తేదీ, సమయం, లింక్ స్పీడ్ మూడూ ఫిర్యాదులో రాస్తే, నాకు మొదట చెప్పినట్టు పరికరాలు ఎక్కువయ్యాయన్న జవాబు మీకు చెప్పలేరు.