దసరా నెల లోటు: కోతతో పూడ్చడమా, కారణం వెతకడమా?

హనుమకొండలో 40,000 రూపాయల జీతంతో నడిచే ఇంట్లో దసరా నెల ఖర్చు 46,000కు చేరిందనుకుందాం. మొదటి మార్గం, మరుసటి నెల సరుకులు, పాలు, పెట్రోలు అన్నింటిలో కోత పెట్టి ఆ 6,000 ఒకేసారి పూడ్చడం. అయితే ఇలా చేస్తే మూడో వారానికే కిరాణా ఉద్దెర మళ్లీ మొదలవుతుంది.

రెండోది, బ్యాంకు స్టేట్‌మెంటునూ ఉద్దెర పుస్తకాన్నీ ముందు పెట్టుకొని కారణం వెతకడం. అందులో 4,800 బతుకమ్మ, దసరా బట్టలవని తేలితే, అది ఏటా వచ్చే ఖర్చే కనుక ఇకపై నెలకు 400 విడిగా తీసిపెట్టాలి. మిగిలిన 1,200 సరుకులకే పోయి, అంతకుముందు నెలల్లోనూ సరుకుల ఖర్చు ఇలాగే ఎక్కువగా కనిపిస్తే, బడ్జెట్‌లో వేసుకున్న అంకే తక్కువని అర్థం. దాన్ని పెంచి, ఆ మేరకు బయటి తిండి తగ్గించుకోవాలి. పాత లోటును మూడు నెలలకు పంచుకోవచ్చు. అది క్రెడిట్ కార్డు బాకీ అయితే మాత్రం, వడ్డీ భారం దృష్ట్యా, ముందు మొదటి మార్గమే మేలు.